ఇష్టం లేని బ్రాంచ్‌లో బీటెక్ అయిపోయింది, ఇప్పుడు ఎటు? రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి వైపు వాళ్ళకి నాలుగు దారుల పోలిక

ర్యాంకుకి అదే వచ్చిందనో, పెద్దవాళ్ళు చెప్పారనో మెకానికల్‌లో చేరి, నాలుగేళ్ళు ఎలాగోలా లాగి పాసైపోయి, ఇప్పుడు "ఈ మెషిన్లతో జీవితమంతా గడపలేను, అలాగని నాలుగేళ్ళ చదువు గంగలో కలపలేను" అని ఆగిపోయిన వాళ్ళ కోసం ఇది రాస్తున్నా. సివిల్, ఎలక్ట్రికల్ వాళ్ళకి కూడా చాలావరకు ఇదే వర్తిస్తుంది, కానీ ఉదాహరణలన్నీ మెకానికల్ నుంచే ఇస్తా, అన్నీ కలిపి చెప్తే ఏదీ సరిగ్గా చెప్పినట్టు ఉండదు.

మన రాయగడ, గుణుపూర్, పర్లాకిమిడి, జయపురం వైపు వాళ్ళకి వేరేగా ఎందుకు రాయాలంటే, హైదరాబాద్ వాళ్ళకి ఇచ్చే సలహా ఇక్కడ సగమే పనిచేస్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, చుట్టాలంతా పార్వతీపురం, పాలకొండ, విజయనగరంలో. మనం రెండు రాష్ట్రాల మనుషులం, కానీ అప్లికేషన్ ఫారంలో ఒక రాష్ట్రమే రాయాలి, అక్కడే చాలామంది దెబ్బతింటున్నారు.

నేను పోల్చేవి నాలుగు. ఒకటి, ఫ్యాక్టరీలోనే ఉంటూ మెషిన్ డిజైన్, ప్రొడక్షన్ నుంచి పక్కకి జరగడం, అందులో నేను సేఫ్టీ లైన్ గురించే వివరంగా చెప్తా. రెండు, ఏ డిగ్రీ అయినా చాలు అనే పరీక్షలు, అంటే బ్యాంకు, ఎస్ఎస్‌సీ సీజీఎల్. మూడు, గేట్ లాంటివి వేరే సబ్జెక్టులో రాసి పీజీ చెయ్యడం. నాలుగు, సాఫ్ట్‌వేర్ కోర్సు చేసి అటు వెళ్ళిపోవడం.

ముందు చూసుకోవాల్సినవి

మొట్టమొదట, నీకు నచ్చనిది సరిగ్గా ఏది అనేది తేల్చుకోవాలి. "మెకానికల్ నచ్చలేదు" అనే మాట కింద మూడు నాలుగు వేరే వేరే సంగతులు ఉంటాయి. ఎనిమిది సెమిస్టర్ల మార్కుల మెమోలు ముందేసుకుని, సబ్జెక్టుల్ని నాలుగు గుంపులు చెయ్యి: మ్యాథ్స్ పేపర్లు ఒక గుంపు, థర్మోడైనమిక్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, మెషిన్ డిజైన్ లాంటి కోర్ థియరీ ఒకటి, వర్క్‌షాపు, ల్యాబులు, ఇండస్ట్రియల్ ట్రైనింగు ఒకటి, ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్, ఆపరేషన్స్ రీసెర్చ్ లాంటివి ఇంకొకటి. ఇప్పుడు మార్కులు చూడకు, ఎందుకంటే మార్కులు సగం లెక్చరర్‌ని బట్టి వస్తాయి. ఏ గుంపు పుస్తకం ముందు మూడు గంటలు ఫోన్ తియ్యకుండా కూర్చోగలిగావో గుర్తు తెచ్చుకో. మ్యాథ్స్ దగ్గర కూర్చోగలిగి ల్యాబ్ దగ్గర చిరాకొచ్చినవాడు, థియరీ అంటే తల నొప్పొచ్చి ప్లాంట్ ట్రైనింగ్‌లో మాత్రం మనుషులతో బాగా కలిసిపోయినవాడు, ఇద్దరూ "నచ్చలేదు" అనే అంటారు, కానీ వాళ్ళ దారులు వేరు. నాలుగు గుంపుల్లో ఒక్కటీ తగలకపోతే అది కూడా మంచి సమాచారమే, అప్పుడు రెండో దారి మీద ఎక్కువ దృష్టి పెట్టాలి.

తర్వాత, డిగ్రీలో ఏ భాగం లెక్కలోకి వస్తుంది అనేది. కొన్ని చోట్ల బీటెక్ అనే కాగితం ఉంటే చాలు, లోపల ఏం చదివావో ఎవరూ అడగరు. కొన్ని చోట్ల ఇంజనీరింగ్ డిగ్రీ లేకపోతే లోపలికే రానివ్వరు. ఇంకొన్ని చోట్ల కాగితం కంటే నీకున్న మ్యాథ్స్ బేస్ పనికొస్తుంది. డిగ్రీ వేస్ట్ అవ్వకూడదు అని నిజంగా అనుకుంటే ఈ తేడా ముఖ్యం.

మూడోది డబ్బూ టైమూ, అంటే మొదటి జీతం చేతికి రావడానికి ఎన్నాళ్ళు పడుతుంది, అప్పటిదాకా ఇంటి మీద ఎంత పడుతుంది. ఎడ్యుకేషన్ లోన్ ఉంటే మామూలుగా కోర్సు అయిన ఏడాది తర్వాత ఈఎంఐ మొదలవుతుంది, అప్పు వడ్డీతో కలిపి 3 లక్షలు ఉందనుకుంటే 10 శాతం వడ్డీకి పదేళ్ళ మీద నెలకి దాదాపు 3,960 రూపాయలు. ఆ ఏడాది గడువు ఎప్పుడు అయిపోతుందో క్యాలెండర్‌లో రాసుకునే ఏ నిర్ణయమైనా తీసుకోవాలి.

నాలుగోది భాష, సర్టిఫికెట్లు. ఐదోది, ఇది కుదరకపోతే చేతిలో ఏం మిగులుతుంది. ఈ ఐదోదాన్నే జనం అసలు అడగరు, నాకు మాత్రం మిగతా వాటన్నిటికంటే ఇదే ముఖ్యం అనిపిస్తుంది.

| | సేఫ్టీ లైన్ | బ్యాంకు, ఎస్ఎస్‌సీ | వేరే సబ్జెక్టులో పీజీ | సాఫ్ట్‌వేర్ కోర్సు |
|---|---|---|---|---|
| డిగ్రీలో ఏది పనికొస్తుంది | ఇంజనీరింగ్ డిగ్రీ అర్హతే, ప్లాంట్ అవగాహన కూడా | కాగితం మాత్రమే | మ్యాథ్స్ బేస్ | కాగితం, అదీ కొన్ని కంపెనీల్లోనే |
| మొదటి డబ్బు | వెంటనే, చిన్న జీతంతో | దాదాపు ఏడాది, ఒక్కోసారి ఎక్కువ | ఎంటెక్ అయితే స్టైపెండ్, మిగతావి రెండేళ్ళ తర్వాత | చెప్పలేం |
| ఒడియా, తెలుగు రెండూ రావడం | పెద్ద బలం | క్లర్క్ పోస్టుకి బలం | సంబంధం లేదు | సంబంధం లేదు |
| కుదరకపోతే మిగిలేది | ఫ్యాక్టరీ అనుభవం | పరీక్ష ప్రాక్టీసు, గ్యాప్ | సగం నేర్చుకున్న సబ్జెక్టు | కొంత కోడింగ్, ఖర్చయిన ఫీజు |

సేఫ్టీ లైన్: డిగ్రీ పూర్తిగా పనికొచ్చే దారి

దీని గురించి ఎక్కువ రాస్తా, ఎందుకంటే మన జిల్లాల్లో ఉండి కూడా దీని గురించి ఎవరూ చెప్పరు. మన చుట్టూ చూడండి, జేకేపూర్‌లో పేపర్ మిల్లు, తేరుబలిలో ఫెర్రో అల్లాయ్స్, కాశీపూర్ వైపు అల్యూమినా రిఫైనరీ, కొరాపుట్ జిల్లాలో దమన్‌జోడి నాల్కో, సునాబెడలో హెచ్ఏఎల్. 1948 ఫ్యాక్టరీల చట్టం వెయ్యి మంది పైన పనిచేసే చోట సేఫ్టీ ఆఫీసర్ ఉండాలని చెప్పింది. కొత్తగా తెచ్చిన 2020 నాటి భద్రత, ఆరోగ్యం కోడ్ దాన్ని 500కి తగ్గించింది, ప్రమాదకరమైన ప్రాసెస్ ఉన్న ఫ్యాక్టరీలో 250, గనుల్లో 100 మంది ఉన్నా చాలు. అంటే చట్టమే ఈ పోస్టు పెట్టమంటోంది, కంపెనీ ఇష్టానికి వదిలెయ్యలేదు.

అర్హత రాష్ట్రాల రూల్స్‌ని బట్టి ఉంటుంది, కానీ పాత చట్టం కింద నడిచిన పద్ధతి ఎక్కువ చోట్ల ఇదే: ఇంజనీరింగ్ డిగ్రీ, ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ హోదాలో కనీసం రెండేళ్ళ అనుభవం, గుర్తింపు ఉన్న ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా, దాంతో పాటు అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష తెలిసి ఉండాలి. చివరిది చూశారా? రాయగడ ప్లాంట్లలో కాంట్రాక్టు లేబర్ ఒడియా మాట్లాడతారు, తెలుగు మాట్లాడతారు, కుయి, సవర మాట్లాడేవాళ్ళు ఉంటారు. బయటి నుంచి వచ్చిన ఇంజనీరు హిందీలో చెప్తే సగం మందికే అందుతుంది. రెండు భాషలు పుట్టుకతో వచ్చినవాడికి ఇక్కడ ఉన్న విలువ బెంగళూరులో ఉండదు.

ఇంజనీరింగ్ డిగ్రీ లేకుండా బీఎస్సీ ఫిజిక్స్, కెమిస్ట్రీతో కూడా రావచ్చు, కానీ వాళ్ళకి సాధారణంగా రెండేళ్ళ బదులు ఐదేళ్ళ అనుభవం అడుగుతారు. నీ బీటెక్ విలువ ఇక్కడ అచ్చంగా మూడేళ్ళు.

పని ఎలా ఉంటుందో తెలియకుండా దూకొద్దు. పొద్దున్నే షిఫ్ట్ మొదలవ్వగానే పనివాళ్ళని నిలబెట్టి ఇవాళ్టి పనిలో ప్రమాదం ఎక్కడుందో ఐదు పది నిమిషాలు చెప్పడం. వెల్డింగ్ ఉంటే హాట్ వర్క్ పర్మిట్, ఎత్తు మీద పనైతే ఆ పర్మిట్, ట్యాంకు లోపలికి దిగాలంటే కన్‌ఫైన్డ్ స్పేస్ పర్మిట్, దానికి ముందు లోపల ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గిందా, 23.5 దాటిందా అని మీటర్ పెట్టి చూడడం. ఏదైనా జరిగితే, ఎవరికీ దెబ్బ తగలకపోయినా, ఎందుకు జరిగిందో రాసి మళ్ళీ జరక్కుండా మార్పు చేయించడం. ఇక్కడ థర్మోడైనమిక్స్ డెరివేషన్లు ఎవరూ అడగరు, కానీ బాయిలర్‌లో ప్రెషర్ పెరిగితే ఏమవుతుందో, క్రేన్ తాడు ఎందుకు తెగుతుందో అర్థం కావాలి, నాలుగేళ్ళు విసుక్కుంటూ చదివినా ఆ మాత్రం నీ బుర్రలో ఉంది.

ఎవరికి సరిపడదంటే, ఎదుటివాడితో గట్టిగా మాట్లాడలేని వాళ్ళకి. ప్రొడక్షన్ వాళ్ళు "ఒక్క పది నిమిషాల పనే కదా, పర్మిట్ తర్వాత రాద్దాం" అంటారు, నీకంటే ఇరవై ఏళ్ళు పెద్ద ఫోర్‌మన్ అంటాడు, అప్పుడు పని ఆపగలగాలి. అలాగే నీకు నచ్చనిది ప్లాంటు వాతావరణమే అయితే, ఆ వేడి, చప్పుడు, షిఫ్టులే అయితే, సేఫ్టీలోకి వచ్చినా అవి పోవు.

ఎక్కడ మోసపోతారంటే సర్టిఫికెట్ల దగ్గర. ఊరికో "ఫైర్ అండ్ సేఫ్టీ" ఇన్‌స్టిట్యూట్ ఉంది, ఆరు నెలల్లో డిప్లొమా, గల్ఫ్‌లో ఉద్యోగం అని బోర్డు. ఆ కాగితం సేఫ్టీ ఆఫీసర్ పోస్టుకి చెల్లాలంటే దానికి రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు ఉండాలి. ఫీజు కట్టే ముందు రెండు ప్రశ్నలు వెయ్యి: డిప్లొమా ఇచ్చేది ఏ బోర్డు, మీరా లేక ప్రభుత్వ సాంకేతిక విద్యా బోర్డా? భువనేశ్వర్‌లోని డైరెక్టరేట్ ఆఫ్ ఫ్యాక్టరీస్ అండ్ బాయిలర్స్ దీన్ని ఒప్పుకుంటుందని రాతలో చూపిస్తారా? వాళ్ళు నీళ్ళు నమిలితే లేచి వచ్చెయ్. నమ్మకంగా చెప్పగలిగేది కేంద్ర ప్రభుత్వ సంస్థలు, ముంబైలో సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై, కోల్‌కతా, కాన్పూర్, ఫరీదాబాద్‌లలో రీజనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్లు, ఇవి ఏడాది అడ్వాన్స్‌డ్ డిప్లొమా ఇన్ ఇండస్ట్రియల్ సేఫ్టీ నడుపుతాయి. మనకి చెన్నై, కోల్‌కతా రెండూ రైలు దూరమే.

ఇంకో చిక్కు అనుభవం కాగితం. రూల్‌లో సూపర్‌వైజర్ హోదా అనే మాట ఉంది కాబట్టి, అప్రెంటిస్‌గా చేసిన ఏడాదిని అందులో కలపరేమో అని అనుమానించే ముందుకెళ్ళాలి. కాంట్రాక్టర్ కింద చేరితే నీ డెసిగ్నేషన్ ఏమని రాస్తున్నాడో చేరిన రోజే చూసుకో, "హెల్పర్" అనో "వర్కర్" అనో రాసి ఉంటే రెండేళ్ళ తర్వాత ఆ లెటర్ దేనికీ పనికిరాదు. పీఎఫ్ కడుతున్నారో లేదో కూడా చూడు, అనుభవం నిజమే అని చూపించడానికి అదే గట్టి సాక్ష్యం.

అప్రెంటిస్‌షిప్ మంచిదే, నాట్స్ పోర్టల్‌లో పెద్ద ప్లాంట్లు గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లని తీసుకుంటాయి, ఏడాది స్టైపెండ్ వస్తుంది, ప్లాంటు నీకు పడుతుందో లేదో తేలిపోతుంది. కానీ ఏడాది ఉద్యోగ అనుభవం వచ్చేశాక మళ్ళీ అప్రెంటిస్‌గా తీసుకోరు, అందుకే చెయ్యదలుచుకుంటే ముందే చెయ్యాలి.

బ్యాంకు, ఎస్ఎస్‌సీ: కాగితం మీద వెళ్ళే దారి

ఇది అందరికీ తెలిసిందే కాబట్టి మనవైపు వాళ్ళకి తేడా వచ్చే చోట్లే చెప్తా. సీజీఎల్‌కి, బ్యాంకు పీఓకి, క్లర్క్‌కి ఏ డిగ్రీ అయినా చాలు. పీఓకి 20 నుంచి 30 ఏళ్ళు, క్లర్క్‌కి 20 నుంచి 28, సీజీఎల్‌లో పోస్టుని బట్టి 27, 30, 32, రిజర్వేషన్ ఉన్నవాళ్ళకి సడలింపు. జీతం బాగానే ఉంటుంది, ప్రభుత్వ బ్యాంకుల్లో పీఓ మొదటి బేసిక్ 48,480, క్లర్క్‌ది 24,050, దీని మీద డీఏలు అవీ కలుస్తాయి.

ఇప్పుడు భాష. క్లర్క్ పోస్టుకి (ఈ మధ్య కస్టమర్ సర్వీస్ అసోసియేట్ అంటున్నారు) ఒక్క రాష్ట్రానికే అప్లై చెయ్యాలి, ఆ రాష్ట్ర భాష చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. మన పిల్లలు చాలామంది "ఇంట్లో తెలుగే కదా, చుట్టాలు ఆంధ్రాలోనే కదా, ఖాళీలు అక్కడ ఎక్కువ ఉన్నాయి" అని ఆంధ్రప్రదేశ్ పెట్టేస్తారు. తెలుగు గలగలా మాట్లాడతారు, కానీ బడిలో ఒడియా చదివారు, తెలుగు పేరా ఇచ్చి చదవమంటే కూడబలుక్కుంటారు, రాయమంటే ఒత్తులు దగ్గర ఆగిపోతారు. పరీక్ష అంతా పాసై చివర భాష టెస్టులో పోతే ఆ ఏడాది పోయినట్టే. పదో తరగతి మెమోలో ఒడియా సబ్జెక్టు ఉంటే ఒడిశా పెట్టు, స్టేట్ బ్యాంకు లాంటి చోట పదో ఇంటరో మెమోలో ఆ భాష ఉంటే టెస్టే ఉండదు. పార్వతీపురంలోనో పాతపట్నంలోనో బడి చదివి మెమోలో తెలుగు ఉన్నవాళ్ళకి ఇది తిరగేసి వర్తిస్తుంది. ఒడిశా రాష్ట్ర ఉద్యోగాలకి కూడా ఇదే మెలిక, కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసైనట్టు చూపించాలి.

ఆంధ్రా గవర్నమెంటు ఉద్యోగాలైతే ఇంకో గోడ ఉంది. రాజ్యాంగంలోని 371-డి ఆర్టికల్ కింద వచ్చిన ఆర్డర్ ప్రకారం లోకల్ కేండిడేట్ లెక్క నువ్వు ఎక్కడ చదివావు, ఎక్కడ ఉన్నావు అనేదాన్ని బట్టి చూస్తారు, ఏ భాష మాట్లాడతావో అడగరు. గుణుపూర్‌లో పుట్టి అక్కడే చదివితే ఆంధ్రాలో నాన్‌లోకల్‌వే. కులం సర్టిఫికెట్ కూడా అంతే, ఆంధ్రాలో బీసీలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉండకపోవచ్చు, కేంద్రం ఓబీసీ జాబితా కూడా రాష్ట్రం వారీగానే ఉంటుంది. విజయనగరంలో బాబాయి కొడుక్కి ఓబీసీ వచ్చింది కాబట్టి నాకూ వస్తుంది అని వయసు సడలింపు లెక్కేసుకుని ఉండిపోవద్దు, ముందు ఒడిశా ఎంట్రీల్లో నీ కులం పేరు ఉందో లేదో చూసుకో.

ఎస్ఎస్‌సీ జేఈ గురించి కూడా అడుగుతారు, అది ఇంజనీర్ల కోసమే కదా అని. నిజమే, కానీ పేపర్ 2 మొత్తం నీ బ్రాంచ్ సబ్జెక్టే, నువ్వు పారిపోతున్నదే మళ్ళీ ఎదురొస్తుంది. నచ్చనిది కాలేజీ మాత్రమే, సబ్జెక్టు పర్వాలేదు అనేవాళ్ళే అటు చూడండి.

ఈ దారిలో డిగ్రీ వేస్ట్ అయినట్టా? కొంతవరకు అవును, దాన్ని దాచాల్సిన పని లేదు. క్వాంట్, రీజనింగ్‌లో ఇంజనీరుకి చెయ్యి తిరిగి ఉంటుంది, అంతే. ఇక్కడ భయం వేరే ఉంది, రెండేళ్ళు రాసి రాకపోతే రెజ్యూమేలో రెండేళ్ళ ఖాళీ తప్ప ఏమీ ఉండదు. అందుకే దీన్ని ఒక్కదాన్నే పట్టుకుని ఇంట్లో కూర్చోవడం నాకు నచ్చదు. ఇంట్లో అప్పు లేకపోతే, వయసు 22, 23 అయితే, ఒక పూర్తి ఏడాది ఇవ్వొచ్చు, ఆ తర్వాత ఏదో ఒక ఉద్యోగం చేస్తూ రాయాలి.

వేరే సబ్జెక్టులో పీజీ

మెమోల్లో మ్యాథ్స్ గుంపు దగ్గర ఆగినవాళ్ళకి మాత్రమే ఇది. గేట్‌ని చాలామంది "సొంత బ్రాంచ్‌లోనే రాయాలి" అనుకుంటారు, అలా ఏం లేదు, పేపర్ ఎంపిక నీదే. 2024 నుంచి డేటా సైన్స్ అండ్ ఏఐ పేపర్ వచ్చింది, అందులో ప్రాబబిలిటీ, లీనియర్ అల్జీబ్రా, కాల్‌క్యులస్, పైథాన్, డేటాబేస్ ఇవన్నీ ఉంటాయి. 2021 నుంచి హ్యుమానిటీస్ పేపర్ కూడా ఉంది, ఎకనామిక్స్, సైకాలజీ లాంటివి అందులో ఒకటి ఎంచుకోవచ్చు. స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది, గేట్‌తో ఎంటెక్ సీటు వస్తే నెలకి 12,400 స్టైపెండ్ వస్తుంది. ఎమ్మెస్సీ వైపు వెళ్ళాలంటే జామ్ ఉంది, మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్, ఎకనామిక్స్ పేపర్లు ఉంటాయి, కానీ దానికి స్టైపెండ్ లెక్క లేదు.

తప్పు జరిగే చోటు ఒకటే. పేపర్ రాయడానికి అర్హత వేరు, సీటుకి అర్హత వేరు. గేట్ ఎవరైనా రాస్తారు, కానీ ఆ స్కోరుతో మెకానికల్ బీటెక్ వాడిని తీసుకుంటామో లేదో ఒక్కో ఐఐటీ, ఒక్కో డిపార్ట్‌మెంట్ విడిగా రాస్తాయి. అందుకే ముందు నీకు కావాల్సిన మూడు నాలుగు సీట్ల అడ్మిషన్ పేజీలు చదివి, అక్కడ నీ బ్రాంచ్ ఉందని చూసుకుని, అప్పుడు పేపర్ ఎంచుకో. ప్రిపేర్ అయ్యాక చూస్తే ఆలస్యం అయిపోతుంది.

ఇంకోటి, ఉద్యోగం రాలేదు కాబట్టి పీజీ అనే ఆలోచనని ఎలా పట్టుకోవాలంటే: ఎన్‌పీటెల్‌లో ఆ సబ్జెక్టు 8 వారాలదో 12 వారాలదో ఒక కోర్సులో చేరు. చదవడం ఫ్రీ, పరీక్ష రాయాలంటేనే ఫీజు, అదీ వెయ్యి రూపాయల లెక్కలో. వారం వారం అసైన్‌మెంట్లు ఎవరూ అడక్కుండా పెట్టగలిగావా? నాలుగో వారానికే మానేస్తే రెండేళ్ళ పీజీ కూడా బీటెక్ లాగే గడుస్తుంది. ఎంబీఏ గురించి పొడుగ్గా రాయను, క్యాట్ మంచి పర్సంటైల్ వచ్చి మంచి చోట సీటొస్తే ఇంజనీరింగ్‌తో కలిపి బాగా పనికొస్తుంది, మామూలు కాలేజీలో లక్షలు పోసి చేస్తే అప్పు రెండింతలు అవుతుంది.

సాఫ్ట్‌వేర్ కోర్సు

అమీర్‌పేట వెళ్ళి ఆరు నెలలు కోర్సు చేసి వచ్చేద్దాం అనుకునేవాళ్ళకి ఒకటే మాట, హైదరాబాద్‌లో హాస్టలు, ఫీజు కట్టే ముందు ఇంట్లోనే రెండు నెలలు ఏదైనా ఒక చిన్న ప్రోగ్రాం సొంతంగా రాసి చూడండి, అంటే మీ నాన్నగారి షాపు బాకీల లెక్క లాంటిది. ఎర్రర్ వస్తే రాత్రి పన్నెండింటి దాకా వదలబుద్ధి కాకపోతే వెళ్ళండి. ఊళ్ళో వాళ్ళబ్బాయికి వచ్చింది కాబట్టి అనేదే కారణమైతే, నచ్చని బ్రాంచ్‌లో మొదటిసారి ఎలా చేరారో మళ్ళీ అలాగే చేరుతున్నారు.

ఒక లెక్క వేసి చూద్దాం

గుణుపూర్ అమ్మాయి అనుకుందాం. మెకానికల్, వయసు 23, సీజీపీఏ 6.9, పదో తరగతిలో ఒడియా, ఇంట్లో తెలుగు కానీ చదవడం నెమ్మది. నాన్నగారికి చిన్న కిరాణా షాపు, పైన చెప్పిన 3 లక్షల లోను ఉంది, ఈఎంఐ మొదలవడానికి ఇంకా పది నెలలు. మెమోలు చూస్తే కోర్ థియరీ దగ్గర విరక్తి, మ్యాథ్స్ ఫర్వాలేదు, ఇండస్ట్రియల్ మేనేజ్‌మెంట్ బాగా చదివింది, ప్లాంట్ ట్రైనింగ్ నాలుగు వారాలూ హాయిగా గడిచాయి.

ప్రిపరేషన్ ఏమీ లేకుండా పాత సీజీఎల్ టయర్ 1 పేపర్ ఒకటి గంట పెట్టుకుని రాసింది. 100 ప్రశ్నలు, 200 మార్కులు, తప్పుకి అర మార్కు కోత. క్వాంట్‌లో 20 కరెక్ట్, రీజనింగ్‌లో 17, ఇంగ్లీషు 11, జనరల్ అవేర్‌నెస్ 6, మొత్తం 54, అంటే 108 మార్కులు. తప్పులు 22, 11 మార్కులు పోయాయి, మిగిలింది 97. ఈ అంకె కంటే అది ఎలా వచ్చిందో చూడాలి. లెక్కలు బాగున్నాయి, జీకే దగ్గర కూలిపోయింది, ఇంగ్లీషు సగం. బ్యాంకు క్లర్క్ ప్రిలిమ్స్‌లో జీకే అసలు లేదు, ఇంగ్లీషు 30, న్యూమరికల్ 35, రీజనింగ్ 35, జీకే మెయిన్స్‌లోనే వస్తుంది. కాబట్టి ఈ అమ్మాయికి సీజీఎల్ కంటే క్లర్క్ దగ్గర, అదీ ఒడిశా రాష్ట్రానికి పెట్టుకుంటే.

పీజీ? మ్యాథ్స్ ఫర్వాలేదు అన్నది సరిపోదు, దాని దగ్గర కూర్చోబుద్ధి కావాలి, పైగా పది నెలల్లో ఈఎంఐ. కాబట్టి అది పక్కకి. మిగిలింది సేఫ్టీ, బ్యాంకు. నేనైతే రెండూ కలిపి పట్టుకోమంటా. ముందు దగ్గరలోని ప్లాంట్‌లో గ్రాడ్యుయేట్ ట్రైనీగానో, క్వాలిటీ, మెయింటెనెన్స్ ప్లానింగ్‌లో సూపర్‌వైజర్‌గానో చేరడం, జీతం ఎంత తక్కువైనా 3,960 ఈఎంఐ దాటి చేతిలో కొంత మిగిలితే చాలు. డెసిగ్నేషన్ రాతలో తీసుకోవడం. పొద్దున్న గంటన్నర ఇంగ్లీషు, మెయిన్స్ కోసం జీకే, రెండేళ్ళలో రెండు క్లర్క్ నోటిఫికేషన్లు రాయడం. ఆ లోపు బ్యాంకు వస్తే వెళ్ళిపోవచ్చు. రాకపోతే రెండేళ్ళ అనుభవం నిండింది, గుర్తింపు ఉన్న సేఫ్టీ డిప్లొమాకి అప్లై చేసుకోవచ్చు, ఆ ఏడాది ఖర్చుకి కొంత దాచుకుని కూడా ఉంటుంది. ఇక్కడ పరీక్ష పోయినా కాలం పోలేదు, అదే తేడా.

ఇదే అమ్మాయికి లోను లేకుండా, ప్లాంట్ ట్రైనింగ్ నాలుగు వారాలూ నరకంలా గడిచి ఉంటే నా మాట మారిపోతుంది, అప్పుడు ఏడాది పాటు బ్యాంకు మీదే కూర్చోమంటా. అదే వయసు 27 దాటిందంటే క్లర్క్ లెక్క దాదాపు అయిపోయినట్టే, అప్పుడు సేఫ్టీ ముందు, పీఓ వెనక. మ్యాథ్స్ దగ్గర నిజంగా కూర్చోగలిగే మనిషైతే, ఉద్యోగం చేస్తూనే ఎన్‌పీటెల్ కోర్సుతో మొదలుపెట్టి గేట్ వైపు పోవచ్చు. ఉపాధ్యాయ వృత్తి అడిగేవాళ్ళకి కూడా ఒక జాగ్రత్త, బీటెక్‌తో బీఈడీలో సీటు దొరకొచ్చు, కానీ తర్వాత టీచర్ పోస్టు నోటిఫికేషన్‌లో డిగ్రీలో ఫలానా సబ్జెక్టులు చదివి ఉండాలి అని రాస్తే అక్కడ ఆగిపోతారు, కాబట్టి బీఈడీ కట్టే ముందు పాత పోస్టుల నోటిఫికేషన్లు రెండు మూడు తీసి చదవండి.

ఏ దారి పట్టినా ఈ నెలలోనే చేయించుకోవాల్సిన కాగితాలు కొన్ని ఉన్నాయి. ఒరిజినల్ డిగ్రీ, ప్రొవిజనల్ మీద ఎక్కువ రోజులు నడవదు. యూనివర్సిటీ నుంచి సీజీపీఏని పర్సంటేజీగా మార్చే లెటర్, బ్యాంకు ఫారంలో పర్సంటేజీ రెండు దశాంశాల దాకా అడుగుతారు, సొంత లెక్క వేసి పెడితే వెరిఫికేషన్‌లో ఇబ్బంది. తహసీల్ నుంచి రెసిడెన్స్, కులం సర్టిఫికెట్లు, కేంద్ర ఉద్యోగాలకి కేంద్రం ఫార్మాట్‌లో విడిగా. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, డిగ్రీలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోవడం. ఒడియాలో రాసిన పేరుని ఇంగ్లీషులోకి ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా దింపేసి ఉంటారు, మనవైపు ఇది చాలా ఇళ్ళల్లో ఉన్న సమస్యే, దాన్ని సరిచేయించుకోవడానికి తిరిగే టైము నోటిఫికేషన్ వచ్చాక దొరకదు.